ఒకటి పీకితే పది మొలుస్తాయా?

"తెల్ల వెంట్రుకను పీకకు, ఒకటి పీకితే పది మొలుస్తాయి" అన్న మాట వినకుండా పెరిగినవారు మన ఇళ్లలో అరుదు. ఉర్దూ మాట్లాడే ఇంట దాదీమా ఉర్దూలో అంటుంది, తెలుగు మాట్లాడే ఇంట నాయనమ్మ తెలుగులో అంటుంది, మాట మాత్రం ఒక్కటే. ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాలలో ఏడాదికి నాలుగైదుసార్లయినా ఈ ప్రశ్న కనబడుతూనే ఉంటుంది. పెద్దల మాటలో సలహా సరైనదే, కారణం మాత్రం సరైనది కాదని మేము ప్రతిసారీ రెండు మూడు వాక్యాలలో సమాధానమిచ్చి ఊరుకునేవారము. ఈసారి వరంగల్లు మండీ బజారు నుంచి ఒక తల్లి రాసిన ఉత్తరాన్ని చదివిన తరువాత, ఆ తప్పు కారణం వల్ల ఒక్కొక్కప్పుడు ఎంత నష్టం జరుగుతుందో వివరంగా రాయడం అవసరమనిపించింది. ఆమె అనుమతితోనే, గుర్తుపట్టేందుకు వీలులేకుండా, ఆ విషయం ఇక్కడ ప్రస్తావిస్తున్నాము.

ఆమె కూతురికి ఇరవై మూడేళ్లు. డిగ్రీ ముగించి హన్మకొండలో బి.ఎడ్. చదువుతోంది. ఇరవై ఒకటో ఏట పాపిట పక్కన మూడు నాలుగు తెల్ల వెంట్రుకలు కనిపించాయి. అద్దం ముందు కూర్చుని, కనుబొమల కోసం వాడే చిన్న చిమ్మటాతో వాటిని లాగివేయడం ఆ అమ్మాయి అలవాటు చేసుకుంది. రెండేళ్లు గడిచేసరికి లెక్కపెట్టలేనన్ని అయ్యాయి. "నేను వద్దన్నా పీకింది, అందుకే తలంతా పాకింది" అన్నది దాదీమా తీర్పు. సరిగ్గా ఇప్పుడే కరీంనగర్ నుంచి సంబంధం మాట వచ్చింది. అమ్మాయి తన చేతులారా తానే తెచ్చుకున్నానని కుమిలిపోతోంది. పీకినందువల్ల పెరిగినవాటిని మళ్లీ నల్లబరచే ఉపాయం ఏదైనా ఉందా, ఇది ఆ పనికి శిక్షా అని తల్లి అడిగారు.

ముందుగా వెంట్రుక ఎలా పుడుతుందో చూద్దాము. మన తలపై సుమారు లక్ష వెంట్రుకలుంటాయి. ప్రతి వెంట్రుకకూ చర్మం లోపల తనదైన ఒక కుదురు ఉంటుంది. ఆ కుదురు అడుగున రంగునిచ్చే కణాలు కొన్ని కూర్చుని, వెంట్రుక తయారవుతుండగానే దానిలోకి మెలనిన్ అనే రంగును పంపుతుంటాయి. వెంట్రుక రెండు నుంచి ఆరేళ్లపాటు పెరిగి, ఇంచుమించు మూడు నెలలు విశ్రాంతి తీసుకుని, రాలిపోయి, అదే కుదురులోంచి కొత్తది మొదలవుతుంది. ప్రతి కొత్త పంటకూ రంగు కణాలు కొత్తగా కావాలి. వాటి విత్తనాల వంటి కణాలు కుదురు పైభాగంలో నిల్వ ఉంటాయి. ఆ నిల్వ అయిపోయినా, అక్కడి నుంచి కణాలు కిందికి దిగిరాకపోయినా, వెంట్రుక రంగు లేకుండానే పుడుతుంది. తెల్ల వెంట్రుక అంటే అంతే.

దీనినిబట్టి రెండు విషయాలు తేలికగా అర్థమవుతాయి. ఒక కుదురులోని వెంట్రుకను లాగితే పక్క కుదురులోని రంగు కణాలకు ఏమీ కాదు, ఎవరి నిల్వ వారిదే. ఒక కుదురు రెండు కుదుళ్లుగా చీలడం కూడా జరగదు. మనిషి తలపై కుదుళ్లు పుట్టుకతో వచ్చినవే, ఆ తరువాత కొత్తవి ఏర్పడవు. కాబట్టి ఒకటి పీకితే పది మొలవవు. ఆ ఒక్కటే, అదే చోటు నుంచి, అదే తెలుపుతో తిరిగి వస్తుంది. పీకితే నల్లది వస్తుందన్న ఆశకూ, పది తెల్లవి వస్తాయన్న భయానికీ కూడా ఆధారం లేదు.

మరి ఇంతమంది కళ్లతో చూశామని ఎందుకంటారు? వారు అబద్ధం చెప్పడం లేదు. వారు చూసినది నిజమే, దానికి కారణం వేరు. వెంట్రుక నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. పొడవాటి జుట్టులో ఒక తెల్ల వెంట్రుక కంటికి ఆనాలంటే మూడు నాలుగు సెంటీమీటర్లయినా ఉండాలి, అంటే మూడు నాలుగు నెలలు గడవాలి. అమ్మాయి మొదటి నాలుగింటిని పీకిన రోజుననే, చర్మం లోపల మరెన్నో కుదుళ్లు అప్పటికే తెల్ల వెంట్రుకను తయారుచేయడం మొదలుపెట్టి ఉంటాయి. పీకిన మూడు నెలలకు అవన్నీ బయటికి వస్తాయి. పీకడం ముందు జరిగింది, పెరగడం వెనుక కనిపించింది, మనసు రెంటినీ ముడివేసింది. దీనికి తోడు పీకినచోట తిరిగి మొలిచే వెంట్రుక పొట్టిగా ఉంటుంది. నూనె రాసినా దువ్వినా అణగక, పాపిట పక్కన నిటారుగా నిలబడుతుంది. పొడవుగా ఉన్నప్పుడు తక్కిన జుట్టులో కలిసిపోయిన వెంట్రుకే, పొట్టిగా ఉన్నప్పుడు వెలుతురుకు మెరిసి కళ్లలో పడుతుంది.

అనుమానం ఉన్నవారు ఇంట్లోనే ఒక పరీక్ష చేసుకోవచ్చు. పీకడం వల్లనే పాకితే, పీకినచోటు చుట్టూనే తెల్లబడాలి. అద్దంలో కనబడని, చేయి సరిగా అందని వెనుకతలను మరొకరిచేత పాయలు తీయించి చూపించుకోండి. మేము ఆ తల్లికి ఇదే రాశాము. ఆమె చూసి రాసిన జవాబేమంటే, కూతురు ఏనాడూ ముట్టని వెనుకతలలో, మెడ పైభాగాన కూడా తెల్లవి చాలా ఉన్నాయట. దాదీమాకు కూడా చూపించారట. ఆమె చాలాసేపు చూసి, "అక్కడికి చేయి ఎలా పోతుంది" అని మాత్రం అన్నారని రాశారు.

ఈ సందర్భంలో ఒక పరిశోధన గురించి చెప్పకపోతే చదువుకున్న పాఠకులు ఎవరైనా మమ్మల్ని నిలదీయవచ్చు. 2015లో అమెరికాలోని దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన చెంగ్-మింగ్ చువాంగ్ బృందం ఎలుకల వీపుపై రెండు వందల వెంట్రుకలను ఒక చిన్న వలయంలో దగ్గరదగ్గరగా పీకగా, పన్నెండు వందల వరకు మొలిచాయని ప్రకటించింది. పత్రికలు దీనిని "పీకితే పెరుగుతాయి" అని రాసుకున్నాయి. అక్కడ జరిగింది ఏమంటే, గాయపడ్డ కుదుళ్లు పంపిన సంకేతానికి చుట్టూ విశ్రాంతిలో ఉన్న పాత కుదుళ్లు ఒక్కసారిగా మేలుకున్నాయి. కొత్త కుదురు ఒక్కటి కూడా పుట్టలేదు. ఆ పరిశోధనకు రంగుతో సంబంధమే లేదు. పైగా ఎలుక వీపుమీది వెంట్రుకలన్నీ ఒకేసారి విశ్రాంతిలోకి పోతాయి, మనిషి తలపై దేని కాలం దానిదే. అక్కడొకటి ఇక్కడొకటి లాగే చిమ్మటాకు ఆ లెక్క వర్తించదు.

పీకడం వల్ల నష్టమే లేదని దీని అర్థం కాదు. ఒకే కుదురును మళ్లీ మళ్లీ లాగుతుంటే అక్కడ వాపు, చిన్న చీముపొక్కులు వస్తాయి. కొన్నిచోట్ల కొత్త వెంట్రుక చర్మంపైకి రాలేక లోపలే వంకర తిరుగుతుంది. ఏళ్ల తరబడి సాగితే కుదురు మచ్చకట్టి మూసుకుపోతుంది, ఇక అక్కడ నల్లదీ రాదు, తెల్లదీ రాదు. పాపిట వెడల్పయిన అమ్మాయిలలో ఇది కూడా ఒక కారణం కావచ్చు. కణతల దగ్గర జుట్టు సహజంగానే పలుచన, అక్కడ నష్టం ముందుగా తెలుస్తుంది.

ధర్మం మాటకు వస్తే, నెరిసిన వెంట్రుకను పీకవద్దని దైవప్రవక్త (స) వారించిన హదీసు అబూదావూద్, తిర్మిజీ గ్రంథాలలో హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ అమ్ర్ (రజి) ద్వారా వచ్చింది. అక్కడ చెప్పిన కారణాన్ని గమనించండి: నెరుపు విశ్వాసికి వెలుగు అని ఉంది, పీకితే పెరుగుతుందని లేదు. మొదటిది ధార్మిక బోధన, రెండవది మన వీధుల్లో పుట్టిన మాట. రెంటినీ కలిపివేసి, పీకినందుకు శిక్షగా తలంతా నెరిసిందని ఒక ఆడపిల్లకు చెప్పడం హదీసులో లేని భారాన్ని ఆమెపై మోపడమే అవుతుంది. పండితులలో అధికసంఖ్యాకులు దీనిని మక్రూహ్ అనగా అయిష్టమైన పనిగా చెప్పారు. మానుకుంటే మంచిది, చేసినది అయిపోయింది. ఆ తల్లి అడిగిన "శిక్షా" అన్న ప్రశ్నకు మా సమాధానం ఇదే.

ఇక అసలు విషయానికి వస్తాము. పీకడం వల్ల కాకపోతే ఇరవై మూడేళ్లకు ఎందుకు నెరిసింది? "పీకింది, అందుకే" అన్న సమాధానం ఇంట్లో సిద్ధంగా ఉన్నందువల్ల, రెండేళ్లపాటు ఈ ప్రశ్నను ఎవరూ అడగలేదు. మాకు బాధ కలిగించినది ఇదే.

మన దేశంలో ఇరవై అయిదేళ్ల లోపున జుట్టు నెరవడాన్ని వైద్యులు బాలనెరుపుగా లెక్కిస్తారు. ఎక్కువమందిలో అది వంశంలోంచి వచ్చేదే. తండ్రికో, మేనమామకో, తాతకో ముప్పైలోపు నెరిసి ఉంటే పిల్లలకూ ఆ వయసున రావడంలో వింత లేదు, దానికి వైద్యమూ లేదు. పొగతాగే యువకులలో ఇది ఎక్కువ కనిపిస్తుంది. అయితే కొంతమందిలో శరీరంలోని మరొక లోపం జుట్టు ద్వారా ముందుగా బయటపడుతుంది. వాటిలో ముఖ్యమైనవి బి12 విటమిన్ లోపం, థైరాయిడ్ గ్రంథి వ్యాధి, ఇనుము నిల్వలు తగ్గడం. మొదటిదాని గురించి కొంచెం ఎక్కువ చెబుతాము, ఎందుకంటే మన ఇళ్లలో దానిని ఎవరూ అనుమానించరు.

బి12 మాంసంలో, కాలేయంలో, చేపలో, గుడ్డులో, పాలలో ఉంటుంది, కూరగాయలలో ఉండదు. కాబట్టి అది శాకాహారులకు వచ్చే లోపమని, మనది మాంసం తినే ఇల్లు గనుక మనకు రాదని ధీమా. ఆ తల్లి కూడా అదే రాశారు: "మా ఇంట వారానికి నాలుగు రోజులు గోష్తే కదా." మేము కొన్ని ప్రశ్నలు పంపాము. ఇంట్లో వండినది కాదు, అమ్మాయి తిన్నది ఎంత? గ్యాస్ బిళ్లలు వాడుతోందా, ఎంతకాలంగా? కాళ్లకు తిమ్మిరి, నాలుక మంట, మెట్లెక్కితే ఆయాసం ఉన్నాయా? రక్తం పట్టడానికి ఏ బిళ్లలు వేసుకుంటోంది? తండ్రికి ఎన్నో ఏట నెరిసింది?

వచ్చిన జవాబులు ఇవి. అమ్మాయి ముక్క ముట్టదు, షోర్బా అన్నంలో కలుపుకుని లేస్తుంది. పాలు పడవు. ఇంటర్మీడియట్ చదివే రోజులనుంచి ఛాతీలో మంట అని పొద్దున్నే ఒక గ్యాస్ బిళ్ల వేసుకుంటోంది. మందుల దుకాణంలో అడిగితే ఇచ్చే ప్యాంటోప్రజోల్ అది, వైద్యుడు వ్రాసిచ్చింది పదిహేను రోజులకే, సాగింది ఏళ్ల తరబడి. అరికాళ్లలో చీమలు పాకినట్లుంటుందని చెబితే చెప్పులు మార్చుకోమన్నారట. నీరసమని ఐరన్-ఫోలిక్ బిళ్లలు వాడుతోంది. తండ్రికి ఇరవై ఎనిమిదో ఏట నెరవడం మొదలైంది.

ఈ జవాబులలో గ్యాస్ బిళ్లకూ జుట్టుకూ ఏమి సంబంధమని అనిపించవచ్చు. మాంసంలోని బి12 ప్రొటీనుకు అంటుకుని ఉంటుంది. కడుపులోని ఆమ్లమే దానిని విడదీస్తుంది. ఆ ఆమ్లాన్ని అణచే బిళ్ల రెండేళ్లకు మించి రోజూ పడితే, తిన్న కొద్దిపాటి మాంసం నుంచి కూడా విటమిన్ ఒంటికి అందదు. మధుమేహానికి వాడే మెట్‌ఫార్మిన్ కూడా ఏళ్ల తరబడి వాడితే బి12ను తగ్గిస్తుంది. పి.సి.ఓ.డి. కోసం అదే బిళ్ల వాడే యువతులు ఇప్పుడు చాలామంది ఉన్నారు గనుక ఈ మాట చెబుతున్నాము. ఇవేవీ లేకుండానే, కడుపులో బి12ను పట్టుకునే పదార్థాన్ని శరీరమే నాశనం చేసుకునే జబ్బు ఒకటి ఉంది. అటువంటివారు ఎంత మాంసం తిన్నా ఫలితముండదు.

ఎవరి సలహాతోనైనా గ్యాస్ బిళ్లను హఠాత్తుగా మానేయవద్దు. ఏళ్లు వాడినదానిని ఒక్కసారిగా ఆపితే మంట రెట్టింపై తిరిగి వస్తుంది. వైద్యుని చెంతనే మోతాదు తగ్గించుకోవాలి.

ఎంజీఎం ఆసుపత్రి ఓపీలో చూపించి, ఈ జవాబులన్నీ ఒక కాగితంపై రాసి వైద్యుని చేతికి ఇవ్వమని మేము సలహా ఇచ్చాము. తలనెరుపు అని మాత్రమే చెబితే నూనె పేరు చెప్పి పంపేవారుంటారు, అరికాళ్ల తిమ్మిరి కూడా చెబితే రక్తపరీక్ష రాస్తారు. అలాగే రాశారు. వెళ్లేముందు మరొక జాగ్రత్త చెప్పాము. అమ్మాయి జుట్టు కోసమని బయోటిన్ బిళ్లలు వాడుతోంది. ఎక్కువ మోతాదు బయోటిన్ రక్తంలో ఉంటే థైరాయిడ్ పరీక్ష తప్పు ఫలితం చూపవచ్చు, లేని జబ్బు ఉన్నట్లు, ఉన్న జబ్బు లేనట్లు. రక్తం ఇవ్వడానికి కనీసం రెండు రోజుల ముందు దానిని ఆపి, ఆ సంగతి వైద్యునికి చెప్పాలి. జుట్టు బిళ్లల డబ్బాపై ఈ హెచ్చరిక కనిపించడం అరుదు.

ఫలితాలు వచ్చాయి. థైరాయిడ్ బాగానే ఉంది. హిమోగ్లోబిన్ 10.4. బి12 మిల్లీలీటరుకు 118 పైకోగ్రాములు. సాధారణంగా రెండు వందల లోపు ఉంటే లోపమనీ, రెండు నుంచి మూడు వందల మధ్య ఉంటే అనుమానాస్పదమనీ చూస్తారు. ఇక్కడ ఒక చిక్కు ఉంది, గమనించదగినది. బి12 తగ్గితే ఎర్రరక్తకణాలు మామూలుకంటే పెద్దవవుతాయి, మామూలు రక్తపరీక్ష కాగితంలో ఎం.సి.వి. అనే అంకె వంద దాటుతుంది. ఈ అమ్మాయి కాగితంలో అది మామూలుగానే ఉంది. ఎందుకంటే ఇనుము కూడా తక్కువే. ఇనుము తగ్గితే కణాలు చిన్నవవుతాయి. ఒకటి పెద్దవి చేస్తుంటే మరొకటి చిన్నవి చేసి, సగటు సరిపోయింది. మామూలు రక్తపరీక్ష బాగుందని బి12 పరీక్షను మానుకోరాదని చెప్పడానికే దీనిని ఇంతగా రాశాము.

ఫోలిక్ బిళ్లల గురించి ఎందుకు అడిగామో కూడా చెప్పాలి. ఫోలిక్ ఆమ్లం రక్తహీనతను కొంత సరిచేస్తుంది, ముఖం తేరుకుంటుంది, ఇంట్లోవారు ఊపిరి పీల్చుకుంటారు. నరాలను మాత్రం అది కాపాడలేదు. బి12 లేని నరం లోలోపల చెడుతూనే ఉంటుంది. తిమ్మిరి పాదాలనుంచి పైకి పాకుతుంది, చీకట్లో నడిస్తే తూలుతారు, మతిమరుపు వస్తుంది. ఆలస్యమైతే నరాలకు జరిగిన నష్టంలో కొంత తిరిగిరాదు. ఈ అమ్మాయి తల నెరిసినందుకు ఏడ్చింది కానీ, చూసుకోవలసినది అరికాళ్లను.

వైద్యులు మొదట సూదులుగా, తరువాత బిళ్లలుగా బి12 ఇచ్చారు. గ్యాస్ బిళ్లను మెల్లగా తగ్గించారు. రెండు నెలలకు అరికాళ్ల తిమ్మిరి పోయింది, హిమోగ్లోబిన్ పన్నెండు దాటింది. బయోటిన్ బిళ్లలు మళ్లీ మొదలుపెట్టాలా అని అడిగితే, కొన్న డబ్బా ఎంతో చెప్పండి, ఆ డబ్బుతో గుడ్లు కొనవచ్చునని రాశాము.

జుట్టు సంగతి? ఇక్కడ ఆశపెట్టడం మా పద్ధతి కాదు. బి12 లోపం వల్లగానీ థైరాయిడ్ వల్లగానీ నెరిసినప్పుడు, చికిత్స తరువాత కొందరిలో కొన్ని వెంట్రుకలు తిరిగి నల్లబడిన దాఖలాలు ఉన్నాయి. అలా జరిగితే గుర్తుపట్టే పద్ధతి ఒకటే: వెంట్రుక చివర తెల్లగా, మొదలు నల్లగా ఉంటుంది. రంగు ఎప్పుడూ మొదటినుంచే వస్తుంది. తెల్లగా బయటికి వచ్చేసిన భాగాన్ని ఏ నూనె, ఏ ఉసిరి, ఏ కరివేపాకు నల్లబరచలేవు, ఎందుకంటే ఆ భాగం ప్రాణంలేనిది. నెలకు సెంటీమీటరు పెరుగుతుంది కనుక ఆరు నెలలకు ముందు ఏదీ తేల్చుకోవద్దు. ఎనిమిది నెలల తరువాత ఆ తల్లి రాసినదాని ప్రకారం, పాపిట దగ్గర ఏడెనిమిది వెంట్రుకలకు మొదట్లో నలుపు కనిపిస్తోంది. తక్కినవి తెల్లగానే ఉన్నాయి. కొత్తవి రావడం తగ్గిందని ఆమెకు అనిపిస్తోంది. తండ్రికి ఇరవై ఎనిమిదికే నెరిసిన వంశం గనుక, ఉన్నవాటిలో ఎక్కువభాగం అలాగే ఉంటాయనే మేము చెప్పాము.

అప్పుడు మిగిలినది రంగు వేసుకోవడం. దీనికి మన దగ్గర మంచి దారి ఉంది. మక్కా విజయం నాడు హజ్రత్ అబూబక్ర్ (రజి) తండ్రి అబూ కుహాఫా (రజి) తలా గడ్డమూ తెల్లని పువ్వులా ఉండగా, దానిని ఏదైనా రంగుతో మార్చమనీ నలుపును మాత్రం వదలమనీ దైవప్రవక్త (స) చెప్పిన ఉదంతం సహీహ్ ముస్లింలో ఉంది. హజ్రత్ అబూబక్ర్ (రజి) స్వయంగా మెహందీతో కతమ్ అనే ఆకును కలిపి వేసుకునేవారు. ఆ మిశ్రమం ముదురు గోధుమరంగునిస్తుంది. మన దేశంలో కతమ్‌కు బదులు నీలి ఆకు పొడి వాడతారు. శుద్ధమైన నలుపు విషయంలో పండితుల మధ్య భేదాభిప్రాయాలున్నాయి, వాటిని మీ ఆలిమ్‌ను అడిగి తెలుసుకోండి. సంబంధం కుదిరేచోట నెరుపును దాచి మోసగించడం తగదన్న విషయంలో మాత్రం భేదం లేదు. ఈ ఇంటివారు కరీంనగర్ వారికి విషయం ముందే చెప్పారు. అబ్బాయి తల్లి "మా వాడికి ఇరవై ఆరుకే బట్టతల" అన్నారట.

పద్ధతి ఇలా ఉంటుంది. నాణ్యమైన గోరింటాకు పొడిని గోరువెచ్చని నీటితో ముద్దలా కలిపి రాత్రంతా మూతపెట్టి ఉంచి, తెల్లవారి తలకు పట్టించి రెండు మూడు గంటలు ఉంచి కడగాలి. ఈ దశలో తెల్లవి నారింజ ఎరుపుకు తిరుగుతాయి. దీనితో చాలనుకునేవారు ఇక్కడ ఆగవచ్చు. గోధుమరంగు కావాలంటే నీలి ఆకు పొడిని నీటిలో కలిపి, నానబెట్టకుండా పావుగంటలోపే, అదే తడి జుట్టుకు పట్టించి గంటసేపు ఉంచాలి. మొదట పచ్చటి ఛాయ కనిపిస్తే కంగారుపడవద్దు, రెండు రోజులలో ముదురుతుంది. ఆ రెండు రోజులూ షాంపూ వద్దు. నీలి ఆకు ఎక్కువసేపు ఉంచితే నలుపుకు దగ్గరవుతుంది, అందుకే గంట అన్నాము.

దుకాణాలలో "కాలీ మెహందీ" పేరుతో అమ్మే పొట్లాలు వేరు. గోరింటాకు ఎన్నడూ అరగంటలో నల్లరంగు ఇవ్వదు. ఇచ్చిందంటే అందులో పి.పి.డి. అనే రసాయనం కలిసినట్లే, పూర్తిపేరు ప్యారా ఫెనిలీన్ డయామైన్. పొట్లం వెనుక చిన్న అక్షరాలలో ఆ పేరు కోసం వెతకండి. ఇది పడనివారికి చెవుల వెనుక, నుదుటి అంచున దురద మొదలై, నీరు కారి, కనురెప్పలు వాచి కళ్లు మూసుకుపోతాయి. మొదటిసారి ఏమీ కాలేదని నమ్మడానికి లేదు. ఒంటికి దాని పట్ల పగ ఏర్పడడానికి ఒకటి రెండుసార్లు పట్టవచ్చు, ఏర్పడిన తరువాత అది జీవితాంతం ఉంటుంది. కాబట్టి ఏ రంగు పొడినైనా, గోరింటాకు అని రాసి ఉన్నా సరే, వాడబోయే రెండు రోజుల ముందు చిటికెడు కలిపి చెవి వెనుక రూపాయి బిళ్లంత రాసి, ఆరిన తరువాత కడిగి, నలభై ఎనిమిది గంటలు చూడండి. ఎరుపు, దురద, చిన్న పొక్కు, వీటిలో ఏది కనిపించినా ఆ పొట్లాన్ని తలకు తాకనివ్వవద్దు. పెళ్లి ముందురోజు రాత్రి మొదటిసారిగా కొత్త పొట్లం విప్పడం అసలే వద్దు.